పక్క సీట్లో కూర్చున్న పిల్లాడికి రోడ్డు రూల్స్ ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్. మా అబ్బాయికి 16 ఏళ్లు దాటాయి. నెలకోసారి కోదాడలో మా అమ్మ దగ్గరికి కారులో వెళ్తాం. ఎలాగూ ఇంకో రెండేళ్లలో బండి పట్టుకుంటాడు కదా అని దారిలో రూల్స్ చెబుతుంటాను. ఐదు నిమిషాల్లో గొడవ మొదలవుతుంది. "నువ్వు మాత్రం పాటిస్తున్నావా" అంటాడు, ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకుంటాడు. గొడవ లేకుండా ఎలా నేర్పాలి?

జవాబు:

వాడి గురించి మాట్లాడటం ఆపేసి, మీరు నడిపే బండి గురించి మీరే పైకి మాట్లాడటం మొదలుపెట్టండి. మొదటి రెండు ట్రిప్పులు వాడిని ఒక్క ప్రశ్న కూడా అడగొద్దు. మూడో ట్రిప్పు నుంచి, వాడికి ఇష్టమైతే, రోడ్డు మీద తనకు కనిపించేది వాడు చెబుతాడు. మీ తప్పులు కూడా పట్టుకుంటాడు, పట్టుకోనివ్వండి. ట్రిప్పుకి పదిహేను నిమిషాలు చాలు. మిగతా దారంతా పాటలు పెట్టుకోండి, కబుర్లు చెప్పుకోండి.

నేను విజయవాడలో డ్రైవింగ్ స్కూల్ నడుపుతున్నాను. ఇరవై ఏళ్లు దాటింది. పద్దెనిమిది నిండగానే వచ్చే పిల్లలకు క్లచ్, గేరు, స్టీరింగ్ రెండు వారాల్లో వచ్చేస్తాయి. చూపు మాత్రం అంత త్వరగా రాదు. ముందు ఏం జరగబోతోందో కనిపెట్టే చూపు చాలా కిలోమీటర్లు తిరిగితేగానీ రాదు. ఆ కిలోమీటర్లు మీవాడు ఇప్పుడే మీ పక్కన కూర్చుని తిరుగుతున్నాడు. అందుకే బోర్డుల పేర్లు బట్టీ పట్టించడం కంటే ఆ చూపు అలవాటు చేయడమే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ఇది నేను మా ఇంట్లో చేసిన తప్పు నుంచి తెలుసుకున్నదే. మా పెద్దవాడికి మీరు చేసినట్టే చేశాను. "ఆ బోర్డు ఏంటో చెప్పు", "ఇప్పుడు నేనెందుకు స్లో చేశానో చెప్పు" అని అడిగేవాణ్ణి. తప్పు చెబితే సరిదిద్దేవాణ్ణి, ఒప్పు చెబితే ఇంకోటి అడిగేవాణ్ణి. నాలుగో ట్రిప్పుకి వాడు ముందు సీటు వాళ్లమ్మకి ఇచ్చేసి వెనక కూర్చున్నాడు. ఆ తర్వాత పద్దెనిమిది నిండేదాకా ముందుకు రాలేదు. వాడికి నేర్పగలిగిన రెండేళ్లు అలా పోయాయి. మా అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి పద్ధతి మార్చాను.

గొడవ ఎందుకొస్తుందంటే

ఇంట్లో అయితే పిల్లాడికి మన మాట నచ్చకపోతే లేచి తన గదిలోకి వెళ్లిపోతాడు. కారులో బెల్టు పెట్టుకుని ఉంటాడు, తలుపులు వేసి ఉంటాయి, ఎక్కడికీ పోలేడు. వెనక అమ్మ వింటూ ఉంటుంది, చెల్లెలు నవ్వుతుంది. అక్కడ ప్రశ్న అడిగితే అది అందరి ముందు పరీక్ష పెట్టినట్టే. ఆ వయసులో వాళ్లు తట్టుకోలేనిది అదే.

రెండో కారణం మన గొంతు. ఎవడో అడ్డం వచ్చాడు, గట్టిగా బ్రేక్ వేశాం, గుండె అదిరింది. ఆ అదురులోనే "చూశావా, ఇందుకే చెప్పేది!" అంటాం. మనం భయపడి అన్న మాట వాడికి కోపంగా వినిపిస్తుంది. అడ్డం వచ్చినవాడిని వదిలేసి తనని తిడుతున్నారేంటని వాడనుకుంటాడు. అందులో న్యాయం ఉంది.

మూడోది మీరే రాశారు, "నువ్వు మాత్రం పాటిస్తున్నావా" అని. దాని గురించి కింద చెబుతాను, ఎందుకంటే అసలు తాళంచెవి అదే.

మొదటి రెండు ట్రిప్పులు: మీరే మాట్లాడాలి

ఎల్బీ నగర్, హయత్‌నగర్ ట్రాఫిక్‌లో వద్దు. అక్కడ మీ మనసంతా రోడ్డు మీదే ఉండాలి. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ దాటాక చిట్యాల వచ్చేలోపు మొదలుపెట్టండి. పగలు, వాన లేనప్పుడు మాత్రమే.

చెప్పేదాంట్లో మూడు ముక్కలు ఉండాలి: నాకు ఏం కనిపించింది, దానివల్ల ఏం జరగొచ్చు, నేనేం చేస్తున్నాను. ఇలా:

"ఎడమపక్క బస్సు ఆగింది. దాని ముందు నుంచి ఎవరైనా రోడ్డు దాటొచ్చు. యాక్సిలరేటర్ తీసేసి కాలు బ్రేక్ మీద పెట్టా."

"డివైడర్‌లో గ్యాప్ ఉంది, అక్కడ బైక్ ఆగి ఉంది. వాడు నావైపు చూడట్లేదు. హారన్ ఒక్కసారి కొట్టి స్లో చేస్తున్నా."

"ఈ లారీ కుడి లేన్‌లోనే పోతోంది. ఎడమ నుంచి దూరిపోవచ్చు అనిపిస్తోంది, కానీ డ్రైవర్ కూర్చునేది కుడివైపు. ఎడమపక్క ఆయనకి సరిగ్గా కనిపించదు. నేను వెనకే ఉండి లైట్ కొడతా."

మాటలు పొట్టిగా ఉండాలి. చివర "అర్థమైందా?", "గుర్తుపెట్టుకో" అనొద్దు. ఆ ఒక్క మాటతో మళ్లీ పాఠం అయిపోతుంది. వాడికి చెబుతున్నట్టు కూడా ఉండకూడదు, మీలో మీరు అనుకుంటున్నది పైకి వినిపించినట్టు ఉండాలి. మొదట్లో మీకే ఇబ్బందిగా ఉంటుంది. ముందురోజు ఆఫీసుకి ఒంటరిగా వెళ్లేటప్పుడు ఓసారి అలవాటు చేసుకోండి. మాట్లాడుతుంటే ధ్యాస తప్పుతోందనిపిస్తే వెంటనే ఆపేయండి. నడపడం ముందు, చెప్పడం తర్వాత.

ఇలా పైకి చెప్పడం మొదలుపెట్టాక నాకు తెలిసిన విషయం ఒకటుంది. మన డ్రైవింగ్ కూడా మారుతుంది. "ముందు బండికి మరీ దగ్గరగా పోతున్నా" అని నోటితో చెప్పి అలాగే పోలేం కదా.

మూడో ట్రిప్పు: వాడికి ఒక పని ఇవ్వండి

"నువ్వు చెప్పు" అంటే మళ్లీ పరీక్షే. దాని బదులు పని ఇవ్వండి. నేను అందరికీ చెప్పే మొదటి పని, ముందు బండికీ మనకీ మధ్య ఎన్ని సెకన్లు ఉన్నాయో లెక్కపెట్టడం.

ముందు పోయే లారీ వెనక భాగం ఒక కిలోమీటరు రాయినో, కరెంటు స్తంభాన్నో దాటగానే "నూట ఒకటి, నూట రెండు, నూట మూడు" అని లెక్కపెట్టాలి. ఒక్కోటి పలకడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. ముందు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని వాడు సరిచూసుకుంటాడు కూడా. నూట మూడు అనేదాకా మన బండి ఆ రాయిని దాటకూడదు. దాటితే దగ్గరగా ఉన్నట్టే. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 22 మీటర్లు పోతాం. మూడు సెకన్లంటే 66 మీటర్లు. వాన పడితే ఆరు సెకన్లు ఉంచుకోవడం మంచిది.

ఈ పని ఎందుకు మంచిదంటే ఇందులో నాన్న మాట, కొడుకు మాట అని ఉండదు. సెకను సెకనే. వాడు "నూట రెండు" దగ్గర ఆగిపోతే మీరు ఏమీ అనకుండా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి. వాడు చెప్పిన మాటకి బండి నెమ్మదించింది. ఆ ఒక్క క్షణంలో వాడికి కలిగే గౌరవం పది పాఠాలు చెప్పినా కలగదు.

ఒకటి మాత్రం ఖాయం. మూడు సెకన్ల ఖాళీ వదిలితే మన రోడ్ల మీద ఎవరో ఒకరు అందులో దూరతారు. అప్పుడు విసుక్కోకుండా మళ్లీ కాలు తీయండి, మళ్లీ ఖాళీ చేసుకోండి. కోదాడ చేరేసరికి దానివల్ల పోయేది కొన్ని నిమిషాలే. మీరు విసుక్కున్నారా లేదా అన్నది కూడా వాడు చూస్తుంటాడు.

లెక్క అలవాటయ్యాక బోర్డులకు రండి. పేర్లు వద్దు, ఆకారంతో మొదలుపెట్టండి. గుండ్రంగా ఉంటే ఆజ్ఞ, పాటించి తీరాలి. త్రికోణం ఉంటే హెచ్చరిక. దీర్ఘచతురస్రం ఉంటే సమాచారం. తలకిందులుగా ఉన్న త్రికోణం అంటే దారి ఇవ్వు, ఎనిమిది మూలలుంటే ఆగు. ఇవి రెండూ ఆజ్ఞలే అయినా, మట్టి కొట్టుకుపోయి ఉన్నా గుర్తుపట్టేలా వాటికి ఆ ఆకారాలు పెట్టారు. బొమ్మ కనపడకముందే ఆకారం కనిపిస్తుంది, కాబట్టి వంద మీటర్ల అవతల నుంచే వాడు చెప్పగలడు. తర్వాత గీతలు. తెల్లటి తెగిన గీత అయితే ఖాళీ చూసుకుని దాటొచ్చు. పసుపు రంగు జంట గీత తెగకుండా ఉంటే ఓవర్‌టేక్ కోసం దాటకూడదు. డివైడర్ లేని చిన్న రోడ్డులోకి తిరిగినప్పుడు ఇది చూపించొచ్చు.

వాడు ఏదైనా చూడకుండా వదిలేస్తే "అది చూడలేదే" అనొద్దు. "నాకు ఇంకోటి కనిపించింది, కుడివైపు ట్రాక్టర్" అనండి. రెండు మాటల్లోనూ ఉన్న విషయం ఒకటే. మొదటిది తప్పు పట్టడం, రెండోది తోడుగా చూడటం.

"నువ్వు మాత్రం పాటిస్తున్నావా" అన్నప్పుడు

వాడు అన్నది నిజమైతే "అవును, తప్పే చేశా" అనండి. అక్కడితో ఆపేయండి. "కానీ", "వెనక లారీ ఉంది కాబట్టి", "నాకు పాతికేళ్ల అనుభవం" ఇవేవీ వద్దు. "కానీ" అన్నారంటే ముందు ఒప్పుకున్నది వాడికి వినపడదు.

పిల్లలు ఎక్కువగా పట్టుకునేవి మూడు. ఫోన్ చేతిలోకి తీసుకోవడం, పసుపు లైటు పడ్డాక స్పీడు పెంచడం, జంక్షన్‌లో నేరుగా పోవడానికి నాలుగు ఇండికేటర్లూ వేయడం. మూడోది తప్పని పెద్దవాళ్లలోనే చాలామందికి తెలియదు. నాలుగూ వెలిగితే, పక్క నుంచి చూసేవాడికి ఒకవైపుదే కనిపిస్తుంది, మీరు అటు తిరుగుతున్నారనుకుంటాడు. అవి బండి ఆగిపోయినప్పుడు వెనకవాళ్లకి తెలియడానికి ఉన్నవి. నేరుగా పోయేవాడికి ఏ ఇండికేటరూ అక్కర్లేదు. మీకు ఈ అలవాటు ఉంటే, వాడి చేతే మాన్పించుకోండి. "నేను వేస్తే చెప్పు" అనండి.

ఫోన్ విషయానికి తేలికైన మార్గం ఉంది. బండి కదిలేముందే ఫోన్ వాడి చేతికి ఇచ్చేయండి. మ్యాప్ వాడే చూస్తాడు, ఫోన్ వస్తే "నాన్న డ్రైవింగ్‌లో ఉన్నారు" అని వాడే చెబుతాడు. అలాగే వెనక సీటులో ఉన్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకున్నారో లేదో చూడటం వాడి పనే అవ్వాలి. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోవాలన్నది కూడా చట్టమే. వాళ్లమ్మ పెట్టుకోకపోతే వాడు అడిగేదాకా బండి కదపకండి.

మా అమ్మాయితో ఒక సాయంత్రం

తనకి పదహారేళ్లప్పుడు హైదరాబాద్ నుంచి విజయవాడ తిరిగొస్తున్నాం. కోదాడ దాటి నందిగామ వైపు వస్తుండగా పొద్దుగూకింది. మామూలుగా చీకటి పడితే మా ఆట ఆపేస్తాం. ఆరోజు కూడా ఆపేశాం. పాటలు వస్తున్నాయి. నేను 80లో ఉన్నాను, ఎదురు రోడ్డు నుంచి వచ్చే లైట్లు కళ్లలో పడుతున్నాయి.

ఉన్నట్టుండి తను "నాన్నా, ముందు లైట్లు కనపడట్లేదు" అంది. ఏం లైట్లని అడిగాను. "చాలా ముందు పోయే లారీ వెనక రెండు ఎర్ర లైట్లుండాలి కదా. ఒకటే కనిపిస్తోంది. మధ్యలో ఏదో అడ్డం ఉంది." నేను కాలు తీసేశాను. ఇంకాస్త దగ్గరికి వెళ్లాక హెడ్‌లైట్ వెలుగులో గడ్డి కనిపించింది. ట్రాక్టర్ ట్రాలీ. వెనక లైటు లేదు, రిఫ్లెక్టర్ స్టిక్కర్ కూడా లేదు, గడ్డి కిందిదాకా వేలాడుతోంది. మా లేన్‌లోనే మెల్లగా పోతోంది.

నాకు కనపడలేదు. తను చెప్పకపోతే ఎంత ఆలస్యంగా చూసేవాణ్ణో ఇప్పటికీ తెలియదు. ఉన్న లైటు కంటే లేని లైటుని గమనించాలని నేనెప్పుడూ తనకి పాఠంగా చెప్పలేదు. రాత్రి దారిలో నాలో నేను అనుకున్నట్టు ఒకటి రెండుసార్లు అన్నానంతే. తను విని ఉంచుకుంది. అప్పుడు కూడా నేను "శభాష్" అని పెద్దగా ఏమీ అనలేదు. "బాగా చూశావమ్మా, నాకు కనపడలేదు" అన్నాను. ఇంటికెళ్లాక వాళ్లమ్మకి తనే చెప్పుకుంది.

ప్రమాదం తృటిలో తప్పినప్పుడు ఎప్పుడు మాట్లాడాలి

గుండె అదిరే సంఘటన జరిగితే ఆ నిమిషంలో ఏమీ మాట్లాడొద్దు. టీకి ఆగినప్పుడు, టీ సగం తాగాక "అక్కడ నీకేం కనిపించింది?" అని అడగండి. వాడు చెబితే వినండి, చెప్పకపోతే వదిలేయండి. ఐదు నిమిషాలకి మించొద్దు.

ఇంకా ముఖ్యంగా, కోదాడ వెళ్లాక నాయనమ్మ ముందు, బాబాయి వాళ్ల ముందు దారిలో జరిగినది తీయకండి. "వీడికి ఇంకా బోర్డులే తెలియవు" అని నవ్వుతూ అన్నా సరే, మూడు ట్రిప్పుల్లో కట్టుకున్నది అక్కడే కూలిపోతుంది. నేను చూసిన చాలా ఇళ్లలో పిల్లలు కారులో అన్న మాటకంటే చుట్టాల ముందు అన్న మాటకే ఎక్కువ దూరమయ్యారు. ఈ సంగతి మీ ఆవిడకి కూడా ముందే చెప్పండి. వెనక సీటు నుంచి ఆవిడ మిమ్మల్నీ, మీరు వాడినీ ఒకేసారి సరిదిద్దితే ఎవరి మాటా చెవికెక్కదు.

స్టీరింగ్ అడిగితే

మీవాడు కొంచెం చూడటం నేర్చాక తప్పకుండా అడుగుతాడు. "ఊళ్లో రోడ్డు ఖాళీగానే ఉంది కదా నాన్నా, ఒక్కసారి" అని. ఇక్కడ మాత్రం బేరం లేదు. కారుకి 18 నిండాలి. మైనర్ బండి నడిపి నేరం చేస్తే, 2019లో తెచ్చిన సవరణ ప్రకారం తల్లిదండ్రులకి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. వాడికి చివరిది చెప్పండి చాలు. ఇంకో రెండేళ్లు ఆగితే వచ్చేది, ఒక్క సాయంత్రం కోసం తొమ్మిదేళ్లు ఆగాల్సి రావచ్చు.

"16కే స్కూటీ లైసెన్స్ ఇస్తారట కదా" అని కూడా అంటాడు. ఇస్తారు, కానీ గేరు లేని 50 సీసీ లోపు ఇంజన్ బండికి, అదీ మీ అనుమతితోనే. మన ఇళ్లలో ఉండే పెట్రోల్ స్కూటీలు దాదాపు అన్నీ 50 సీసీ పైనే. కాబట్టి ఆ లైసెన్స్‌తో వాటిని నడపడం చట్టం దృష్టిలో లైసెన్స్ లేకుండా నడపడమే. ఈ సంగతి తెలియక బండి ఇచ్చేసే తల్లిదండ్రులు చాలామంది నా దగ్గరికి వచ్చారు.

పద్దెనిమిది నిండాక లెర్నర్ లైసెన్స్ పరీక్షలో కనీసం 60 శాతం ప్రశ్నలకి సరైన జవాబు రాయాలి. రెండేళ్లు మీ పక్కన చూసినవాడికి అది కష్టం కాదు. అప్పుడు సీట్లు మారతాయి, మీరు ఎడమవైపు కూర్చుంటారు. ఆరోజుకి రెండే రెండు మాటలు ముందే అనుకుని ఉంచుకోండి. "నెమ్మది" అంటే కాలు తీయాలి, "ఆపు" అంటే బ్రేక్ వేయాలి. బండి కదులుతున్నంతసేపు ఆ రెండు తప్ప మూడో మాట మీ నోట రాకూడదు.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

అడక్కుండానే "నాన్నా, బైక్" అంటాడు. బ్రేక్ పడకముందే వాడి కుడికాలు కింద నొక్కుకుంటుంది. ఆటోలో వెళ్లొచ్చి, ఆటో అతను ఎలా నడిపాడో తనంతట తనే చెబుతాడు. వీటిలో ఒక్కటి కనిపించినా దారిలో ఉన్నట్టే.

"ఊఁ", "సరే", "తెలుసు" అని ఒక్కో మాటలో జవాబులొస్తుంటే ఆరోజుకి ఆపేయండి. పరీక్షలప్పుడు, అన్నం తిని నిద్రమత్తులో ఉన్నప్పుడు, ఫ్రెండ్స్‌తో గొడవపడి వచ్చినప్పుడు మొదలుపెట్టనే వద్దు.

ఇక ఇయర్‌ఫోన్స్ గురించి. వచ్చే ట్రిప్పులో కూడా పెట్టుకుంటాడు, తీయమని అనకండి. మీ పదిహేను నిమిషాలు మామూలు గొంతుతో, వాడివైపు తిరగకుండా మాట్లాడుకోండి. వెనక ఉన్న వాళ్లమ్మకి వినిపించినా చాలు. మా అమ్మాయి కూడా మొదటి ట్రిప్పు మొత్తం పెట్టుకునే ఉంది. రెండో ట్రిప్పులో ఒక చెవిది తీసి ఒళ్లో పెట్టుకుంది. నేను చూడనట్టే ఉండి, "ముందు స్కూల్ బోర్డు, త్రికోణం, స్లో చేస్తున్నా" అని నా మాట నేను చెప్పుకుపోయాను.